హోటల్ వైఫై రెండు ఫోన్లకే పడితే: ఒక్క లాగిన్‌తో గదంతా వాడుకోవడం ఎలా?

"కడపకు పెళ్లికొచ్చాం. లాడ్జిలో వైఫై కోడ్ ఇచ్చారు. రెండు ఫోన్లకు పడింది, ల్యాప్‌టాప్‌కి పడటం లేదు. ఏం చేయాలి?" ఇలాంటి ప్రశ్నలు నాకు వస్తూనే ఉంటాయి. అనంతపురం హాస్టల్లో ఉండే పిల్లలు, ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయితే ఫోన్ కట్ అవుతోందని రాస్తారు. ఆఫీసు పని మీద కర్నూలు వచ్చి వారం రోజులు హోటల్లో ఉన్నవాళ్లు, టీవీ స్టిక్కులో లాగిన్ పేజీ తెరుచుకోవడం లేదంటారు. ఈ మూడింటికీ కారణం ఒకటే, దారి కూడా ఒకటే. అరచేతిలో పట్టే చిన్న ట్రావెల్ రూటర్ ఉంటే పని అయిపోతుంది. కానీ దాన్ని ఏ మోడ్‌లో పెట్టాలి, లాగిన్ పేజీ రాకపోతే ఏం చేయాలి అన్న దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకచోట రాస్తున్నాను.

ముందు తెలియాల్సింది ఒక్కటే

హోటల్ వైఫైకి కనెక్ట్ కాగానే వచ్చే లాగిన్ పేజీని క్యాప్టివ్ పోర్టల్ అంటారు. అందులో మీరు కోడ్ కొట్టగానే హోటల్ సిస్టమ్ మీ ఫోన్ వైఫైకి ఉండే గుర్తింపు సంఖ్యను, అంటే మ్యాక్ అడ్రస్‌ను గుర్తుపెట్టుకుని, దానికి ఇంటర్నెట్ వదులుతుంది. "ఒక కోడ్‌కి రెండు డివైజులు" అన్నప్పుడు అది లెక్కపెట్టేది ఈ మ్యాక్ అడ్రస్‌లనే. ట్రావెల్ రూటర్ హోటల్ వైఫైకి తానొక్కటే కనెక్ట్ అయి, మీ గదికి వేరే పేరుతో సొంత వైఫై ఇస్తుంది. దాని వెనక ఐదు ఫోన్లున్నా హోటల్‌కి కనిపించేది రూటర్ మ్యాక్ అడ్రస్ ఒక్కటే. రూటర్ తరఫున ఒక్కసారి లాగిన్ అయితే చాలు.

రిసెప్షన్‌లో అడగండి

ఇది మొహమాటానికి చెప్పడం లేదు. ఆ లిమిట్ హోటల్ వాళ్లు పెట్టుకున్న నిబంధన. "మా గదిలో నలుగురం ఉన్నాం, చిన్న రూటర్ పెట్టుకోవచ్చా?" అని అడిగితే చాలాచోట్ల సరేనంటారు. కొన్నిచోట్ల ఇంకో కోడ్ రాసిస్తారు, అప్పుడు రూటర్ గొడవే ఉండదు. కాలేజీ హాస్టల్ సంగతి వేరు. సొంత రూటర్లు పెట్టకూడదని నిబంధనల్లో రాసి ఉంటే పెట్టకండి. అక్కడ నెట్‌వర్క్ చూసేవాళ్లు దాన్ని కనిపెట్టగలరు, అకౌంట్ బ్లాక్ అయితే పరీక్షల ముందు మీకే టెన్షన్.

ఇంకో మాట. మన దేశంలో పబ్లిక్ వైఫై ఇచ్చేవాళ్లు ఓటీపీనో, గుర్తింపు కార్డో అడుగుతారు. ఆ లాగిన్ మీ నంబరు మీద ఉంటుంది. రూటర్ వెనక ఎవరు ఏం చేసినా రికార్డులో మీ పేరే పడుతుంది. కాబట్టి మీ గదిలో ఉన్న మీవాళ్లకు తప్ప పక్క గదివాళ్లకు పాస్‌వర్డ్ ఇవ్వకండి.

కావలసినవి

- ట్రావెల్ రూటర్. జీఎల్ ఐనెట్, టీపీ-లింక్ కంపెనీలవి దొరుకుతాయి. కొనేముందు చూడాల్సింది ఒక్కటే: వైఫై నుంచి ఇంటర్నెట్ తీసుకుని మళ్లీ వైఫైగా ఇచ్చే మోడ్ దానికి ఉండాలి. దీన్ని కొన్నిటిలో "WISP" అనీ, కొన్నిటిలో "Hotspot" అనీ, జీఎల్ ఐనెట్‌లో "Repeater" అనీ రాస్తారు. రెండు బ్యాండ్లు, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్నది తీసుకోండి.
- దాంతో వచ్చిన ఛార్జర్, లేదా అదే రేటింగ్ ఉన్న ఫోన్ ఛార్జర్. ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి గుచ్చితే కరెంటు చాలక మధ్యలో రీస్టార్ట్ అవుతూ ఉండవచ్చు.
- రెండు మీటర్ల నెట్‌వర్క్ కేబుల్. కొన్ని హోటళ్లలో గోడకి నెట్ పాయింట్ ఉంటుంది.
- లాగిన్ వివరాలున్న చీటీ, ఓటీపీ వచ్చే ఫోన్.

ఎలా చేయాలి

1. ఇంట్లోనే సగం పని ముగించండి. రూటర్ కొత్తదైతే దాని అడుగున రాసిన వైఫై పేరు, పాస్‌వర్డ్‌తో ఫోన్‌ను కనెక్ట్ చేసి, సెట్టింగ్స్ పేజీ తెరవండి. జీఎల్ ఐనెట్‌కి `192.168.8.1`, టీపీ-లింక్‌కి `tplinkwifi.net`. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. వైఫైకి మీ సొంత పేరు, కనీసం పన్నెండు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టండి. హోటల్ వైఫై పేరునే మీ రూటర్‌కి పెట్టకండి. పక్క గదుల ఫోన్లు అది హోటల్‌దే అనుకుని మీ రూటర్ వైపు వస్తాయి, దొంగ నెట్‌వర్క్ పెట్టారని హోటల్ వాళ్లు అనుమానిస్తారు కూడా.

2. రూటర్ లోపలి అడ్రస్ మార్చండి. చాలామంది వదిలేసే మెట్టు ఇది. లాడ్జిలో రూటర్ `192.168.0.1` మీద నడుస్తూ, మీ రూటర్ కూడా అదే అడ్రస్ మీద ఉంటే రెండూ తగులుకుంటాయి. లాగిన్ పేజీకి బదులు మీ రూటర్ పేజీయే వస్తుంది, లేదా ఏదీ రాదు. సెట్టింగ్స్‌లో "LAN" అన్నచోట అడ్రస్‌ను ఎవరూ మామూలుగా వాడనిదిగా, ఉదాహరణకు `192.168.77.1` గా మార్చి సేవ్ చేయండి. ఇకపై సెట్టింగ్స్ పేజీ ఆ అడ్రస్ మీదే తెరుచుకుంటుంది కాబట్టి ఒక చీటీ మీద రాసి రూటర్‌కి అంటించండి.

3. గదిలో మంచి చోటు చూడండి. హోటళ్లలో వైఫై పెట్టె ఎక్కువగా వరండా సీలింగ్‌కి ఉంటుంది. అంటే తలుపు దగ్గర సిగ్నల్ బాగుంటుంది, మంచం పక్కన బాగుండదు. రూటర్ తలుపు వైపు పెట్టండి. రూటర్‌కి అందే సిగ్నల్ బలహీనంగా ఉంటే మీ ఫోన్లో వైఫై గీతలు నిండుగా కనిపిస్తూనే నెట్ నత్తనడక నడుస్తుంది, ఎందుకంటే ఆ గీతలు మీ ఫోన్‌కీ రూటర్‌కీ మధ్యవి. సెట్టింగ్స్‌లో సిగ్నల్ అంకె మైనస్‌లో కనిపిస్తే -65 కానీ అంతకంటే సున్నాకు దగ్గరగా కానీ ఉండేలా చూసుకోండి. -75 దాటితే చోటు మార్చాల్సిందే.

4. హోటల్ వైఫైకి రూటర్‌ను కలపండి. మీ ఫోన్ రూటర్ వైఫైలోనే ఉండాలి. సెట్టింగ్స్‌లో "Repeater" లేదా "WISP" తెరిచి, స్కాన్ నొక్కి, హోటల్ వైఫై ఎంచుకోండి. పాస్‌వర్డ్ ఉంటే కొట్టండి, లేకపోతే ఖాళీగా వదిలి కనెక్ట్ చేయండి. వీలైతే హోటల్ వైఫైని ఒక బ్యాండ్‌లో తీసుకుని, గదికి ఇంకో బ్యాండ్‌లో ఇవ్వండి. రెండూ ఒకే బ్యాండ్‌లో ఉంటే వేగం దాదాపు సగానికి పడిపోతుంది.

ఇక్కడో జాగ్రత్త. టీపీ-లింక్‌లో "Range Extender" అని ఇంకో మోడ్ ఉంటుంది. జీఎల్ ఐనెట్‌లో నెట్‌వర్క్ మోడ్ కింద "Extender" ఉంటుంది. అవి మనకు పనికిరావు. అవి హోటల్ సిగ్నల్‌ను అలాగే ముందుకు పంపుతాయి, ప్రతి ఫోన్ విడివిడిగా లాగిన్ కావాల్సి వస్తుంది.

5. లాగిన్‌కి ముందు ఇవి ఆపండి. ఫోన్లో వీపీఎన్ ఆపండి. ఆండ్రాయిడ్‌లో "Private DNS" అన్నచోట ఏదైనా పేరు పెట్టి ఉంటే దాన్ని ఆటోమేటిక్‌కి మార్చండి. ఐఫోన్లో ఐక్లౌడ్ ప్రైవేట్ రిలే ఉంటే ఆపండి. మొబైల్ డేటా కూడా ఆపండి, లేకపోతే ఫోన్ మెల్లగా డేటా మీదికి వెళ్లిపోయి మిమ్మల్ని తికమక పెడుతుంది. సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టే డీఎన్ఎస్ రూటర్‌లో ఆటోమేటిక్‌గా ఉండాలి. ఎప్పుడో `8.8.8.8` పెట్టి మర్చిపోయి ఉంటే హోటల్ లాగిన్ పేజీ పేరు దానికి తెలియదు, పేజీ రాదు.

6. లాగిన్ అవ్వండి. ఎక్కువసార్లు పేజీ దానంతట అదే వస్తుంది. రాకపోతే బ్రౌజర్‌లో ఇది కొట్టండి:

```
http://neverssl.com
```

ముందు `http` అని ఉండాలి, `https` కాదు. భద్రత ఉన్న సైట్లను పోర్టల్ మధ్యలో ఆపి తన పేజీ చూపించలేదు. బలవంతంగా చూపించబోతే బ్రౌజర్ సర్టిఫికెట్ హెచ్చరిక ఇస్తుంది. ఆ హెచ్చరికను దాటి ముందుకు వెళ్లకండి, ఆ ట్యాబ్ మూసేసి పై అడ్రస్‌తో మళ్లీ ప్రయత్నించండి. పేజీ వచ్చాక కోడ్ కొట్టి, ఓటీపీ ఇచ్చి, లాగిన్ అవ్వండి. "లాగౌట్" బటన్ ఉన్న పేజీ వస్తే దాని అడ్రస్ కాపీ చేసి పెట్టుకోండి, తర్వాత తప్పకుండా అవసరపడుతుంది.

7. పని అయిందో లేదో ఇలా చూడండి. మొదటి ఫోన్లో నెట్ వచ్చిందని ఆగిపోకండి. అసలు పరీక్ష రెండో ఫోన్‌ది. దాన్ని మీ రూటర్ వైఫైకి కలపండి. ఏ లాగిన్ పేజీ అడగకుండా నేరుగా నెట్ వస్తే సరిగ్గా పెట్టినట్టే. లాగిన్ పేజీ మళ్లీ అడిగితే రూటర్ ఎక్స్‌టెండర్ మోడ్‌లో ఉంది. ఫోన్ వైఫై వివరాల్లో ఐపీ అడ్రస్ చూసినా తెలిసిపోతుంది. `192.168.77` తో మొదలైతే మీ రూటర్ ఇచ్చింది. వేరే ఏదైనా ఉంటే హోటల్ నేరుగా ఇచ్చింది.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టి చూడొచ్చు:

```
curl -I http://connectivitycheck.gstatic.com/generate_204
```

జవాబు మొదటి లైన్‌లో `204` ఉంటే గేటు తెరుచుకుంది. `302` లేదా `200` వస్తే ఇంకా లాగిన్ పేజీ అడ్డం ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లు "ఇంటర్నెట్ లేదు" అని చూపించడానికి ఇలాంటి పరీక్షే చేసుకుంటాయి.

కడప లాడ్జిలో ఏం జరిగింది

మెట్లు చదివితే అంతా సాఫీగా ఉన్నట్టే అనిపిస్తుంది. గదిలో కూర్చుంటే అడ్డంకులు ఎలా వస్తాయో ఒక ఉదాహరణతో చెప్తాను. కడప ఆర్టీసీ బస్టాండు దగ్గరి ఒక లాడ్జిలో పెళ్లికొచ్చిన మా బావ వాళ్ల గదిలో ఈ పని చేశాను. వాళ్లకిచ్చిన చీటీలో యూజర్ పేరు, పాస్‌వర్డ్, "2 డివైజులు" అని ఉంది. బావకి, అక్కకి ఫోన్లలో పడింది. బావ ఆఫీసు ల్యాప్‌టాప్ మిగిలింది, పిల్లల ట్యాబ్ మిగిలింది. కింద అడిగితే కుర్రవాడు, "రెండే పడతాయి సార్, మూడోది పెడితే పడదు. మీ గదిలో వాళ్లే వాడుకుంటామంటే పెట్టుకోండి, మాకేం ఇబ్బంది లేదు" అన్నాడు.

రూటర్ హోటల్ వైఫైకి కనెక్ట్ అయింది, కానీ లాగిన్ పేజీ రాలేదు. `neverssl.com` కొడితే బ్రౌజర్ ఏదో పేరున్న పేజీకి మళ్లి, సర్వర్ దొరకలేదని ఆగిపోయింది. ఆ మళ్లడమే ఆచూకీ. పోర్టల్ మమ్మల్ని పిలుస్తోంది, మా రూటర్ ఆ పేరుకి అడ్రస్ ఇవ్వనంటోంది. బయటి పేరు ఏదైనా లోపలి అడ్రస్‌కి దారి చూపిస్తే మోసం కావొచ్చని చాలా రూటర్లు అడ్డుకుంటాయి. దీన్ని డీఎన్ఎస్ రీబైండింగ్ రక్షణ అంటారు. హోటల్ లాగిన్ పేజీలు సరిగ్గా అలాంటి లోపలి అడ్రస్‌ల మీదే ఉంటాయి కాబట్టి ఆ రక్షణ వీటినీ ఆపేస్తుంది.

దీనికి తేలిక మార్గం పేరును పక్కనపెట్టి అడ్రస్ కొట్టడమే. రూటర్ స్టేటస్ పేజీలో హోటల్ ఇచ్చిన వివరాలు చూస్తే "Gateway" దగ్గర `10.5.50.1` అని ఉంది. బ్రౌజర్‌లో ఇలా కొట్టాం:

```
http://10.5.50.1
```

పేజీ వచ్చేసింది. ఈ అడ్రస్ చూడగానే లోపల ఉన్నది మైక్రోటిక్ హాట్‌స్పాట్ కావొచ్చని అర్థమైంది, వాటిని పెట్టేటప్పుడు మామూలుగా వచ్చే అడ్రస్ ఇదే. మీకు వేరే అంకెలు ఉంటాయి, మీ గేట్‌వే ఏదో చూసుకుని అదే కొట్టండి. ఇలా కూడా రాకపోతే రూటర్ డీఎన్ఎస్ సెట్టింగ్స్‌లో రీబైండింగ్ రక్షణను లాగిన్ అయ్యేదాకా ఆపండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాడేవాళ్లు ఇలా ఆపొచ్చు:

```
uci set dhcp.@dnsmasq[0].rebind_protection='0'
uci commit dhcp
/etc/init.d/dnsmasq restart
```

లాగిన్ అయ్యాక `'0'` బదులు `'1'` పెట్టి ఇవే మళ్లీ కొట్టండి. అది పనికొచ్చే రక్షణే.

పేజీ వచ్చాక యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొడితే ఇంకో అడ్డంకి. `no more sessions are allowed for user` అని వచ్చింది. పాస్‌వర్డ్ తప్పని కాదు దీనర్థం, రెండు చోట్లూ నిండిపోయాయని. బావ ఫోన్, అక్క ఫోన్ ముందే లాగిన్ అయి ఉన్నాయి. ఆ ఫోన్లలో వైఫై ఆపితే చాలదు, ఆపిన వెంటనే సిస్టమ్‌కి తెలియదు. అక్క ఫోన్ హోటల్ వైఫైలో ఉండగానే, ఆ ఫోన్ బ్రౌజర్లోనే `http://10.5.50.1/logout` కొట్టించాను. ఒక చోటు ఖాళీ అయింది. వెంటనే రూటర్ తరఫున లాగిన్ పడింది. తర్వాత బావ ఫోన్ కూడా లాగౌట్ చేయించి, అందరినీ రూటర్ వైఫైలోకి మార్చాం. ల్యాప్‌టాప్, ట్యాబ్ ఏ పేజీ అడగకుండా కలిసిపోయాయి.

అందుకే నా సలహా: చీటీ చేతికి రాగానే ఫోన్లలో కొట్టకండి. మొట్టమొదట రూటర్‌తోనే లాగిన్ అవ్వండి.

ఏం చేసినా పేజీ రాకపోతే: మ్యాక్ క్లోన్

చివరి ఉపాయం ఇది. మీ ఫోన్‌తో నేరుగా హోటల్ వైఫైలో లాగిన్ అయి, ఆ ఫోన్ మ్యాక్ అడ్రస్‌నే రూటర్‌కి పెట్టడం. హోటల్ సిస్టమ్ అదే ఫోన్ అనుకుంటుంది.

ఇక్కడే ఎక్కువమంది తప్పు అడ్రస్ రాసుకుంటారు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచీ, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ అడ్రస్ చూపిస్తున్నాయి. ఫోన్ "అబౌట్" పేజీలో కనిపించేది అసలుది కావొచ్చు, హోటల్‌కి తెలిసింది అది కాదు. కాబట్టి హోటల్ వైఫైకి కనెక్ట్ అయి ఉండగా, ఆ వైఫై పేరు పక్కనున్న వివరాల్లో కనిపించే మ్యాక్ అడ్రస్ రాసుకోండి. మొదటి జతలో రెండో అక్షరం 2, 6, A, E లలో ఒకటైతే అది కల్పిత అడ్రసే, ఉదాహరణకు `5A:1F:...`. మనకు కావాల్సింది అదే.

తర్వాత ఫోన్లో హోటల్ వైఫైని "ఫర్గెట్" చేసి, రూటర్ సెట్టింగ్స్‌లో "MAC Clone" దగ్గర ఆ అడ్రస్ పెట్టి, మళ్లీ కనెక్ట్ చేయండి. ఫర్గెట్ చేయకపోతే ఫోన్ మళ్లీ హోటల్ వైఫైకి వెళ్లిపోతుంది. ఒకే అడ్రస్‌తో ఇద్దరు ఉంటే ఇద్దరికీ నెట్ వస్తూ పోతూ ఉంటుంది. క్లోన్ చేయాల్సింది మీ సొంత ఫోన్ అడ్రస్‌ను మాత్రమే. ఇంకొకరి అడ్రస్ పెట్టుకోవడం వాళ్ల లాగిన్ దొంగిలించడమే. ఉచిత గంట అయిపోగానే మ్యాక్ మార్చి ఇంకో గంట తీసుకోవడం కూడా అంతే, ఆ పని నేను చెప్పను.

మళ్లీ మళ్లీ చూసే తప్పులు

*గోడ పాయింట్‌కి తప్పు పోర్టు.* గదిలో నెట్ పాయింట్ ఉంటే కేబుల్ వాడటమే మంచిది, వేగం నిలకడగా ఉంటుంది. కానీ కేబుల్ రూటర్ "WAN" పోర్టుకే గుచ్చాలి. "LAN" పోర్టుకి గుచ్చితే మీ రూటర్ హోటల్ నెట్‌వర్క్‌లోకి ఐపీ అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది. పక్క గదులవాళ్లకు మీ `192.168.77` అడ్రస్‌లు వెళ్లి, ఆ అంతస్తులో కొందరికి నెట్ పోతుంది. ఒకే పోర్టున్న రూటర్లలో మోడ్‌ను బట్టి ఆ పోర్టు పని మారుతుంది. కాబట్టి గుచ్చే ముందు మోడ్ చూడండి.

*ఒక్కసారిగా అందరికీ నెట్ పోవడం.* వైఫై గీతలు నిండుగా ఉంటాయి, ఎవరికీ ఏదీ తెరుచుకోదు. రూటర్ పాడైందని రీసెట్ కొట్టేస్తారు, పెట్టిన సెట్టింగ్స్ అన్నీ పోతాయి. ఎక్కువసార్లు జరిగింది లాగిన్ గడువు తీరడమే. కొన్నిచోట్ల ఇరవై నాలుగు గంటలకు, కొన్నిచోట్ల చెక్ అవుట్ వేళకి తీరుతుంది. ఒక ఫోన్ నుంచి `http://neverssl.com` కొట్టి చూడండి. లాగిన్ పేజీ వస్తే మళ్లీ లాగిన్ అవ్వండి, అంతే. రూటర్లో వీపీఎన్ పెట్టుకున్నవాళ్లకు ఈ పేజీ కూడా రాదు, ముందు వీపీఎన్ ఆపి చూడాలి.

*రూటర్ వచ్చింది కదా, వేగం పెరుగుతుందనుకోవడం.* పెరగదు. హోటల్ లాగిన్‌కి ఐదు ఎంబీపీఎస్ ఇస్తే ఆ ఐదే అందరూ పంచుకోవాలి. ఫుల్ హెచ్‌డీ వీడియో ఒక్కటి పెట్టినా దాదాపు అంతా అదే తినేస్తుంది. బావకి మీటింగ్ ఉన్నప్పుడు పిల్లల వీడియో 480 మీద పెట్టించండి. ఫోన్ల ఫొటో బ్యాకప్ ఆపండి. ల్యాప్‌టాప్‌లో ఈ వైఫైని "Metered connection" గా పెడితే విండోస్ అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. రోజుకి ఇంత డేటా అని లిమిట్ ఉన్నచోట ఇది మరీ ముఖ్యం.

*పేజీ కాకుండా వైఫై సెట్టింగ్స్‌లోనే యూజర్ పేరు అడిగితే.* కొన్ని కాలేజీల్లో ఇలా ఉంటుంది. వైఫై ఎంచుకోగానే పాస్‌వర్డ్‌తో పాటు "Identity" అని అడుగుతుంది. ఇది క్యాప్టివ్ పోర్టల్ కాదు, వేరే పద్ధతి. చాలా ట్రావెల్ రూటర్లు దీనికి కనెక్ట్ కాలేవు. ఈ ఒక్క కారణంగా రూటర్ కొని వృథా చేసుకున్నవాళ్లున్నారు, హాస్టల్ పిల్లలు ముందే చూసుకోండి.

రూటర్ లేకపోతే

ఒకటి రెండు రోజుల పనికి రూటర్ కొనక్కర్లేదు. విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే దాంట్లో హోటల్ లాగిన్ అయి, సెట్టింగ్స్‌లో "Mobile hotspot" ఆన్ చేసి, వైఫై నుంచి వైఫైకే పంచమని పెట్టండి. ఎనిమిది డివైజుల దాకా కలుస్తాయి. ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్తే అందరికీ నెట్ పోతుంది కాబట్టి ఛార్జర్‌కి పెట్టి, స్లీప్ ఆపండి.

కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా ఈ పని చేస్తాయి. ఇంట్లోనే పరీక్షించుకోండి. వైఫైకి కనెక్ట్ అయి ఉండగా హాట్‌స్పాట్ ఆన్ చేయండి. వైఫై అలాగే ఉండి హాట్‌స్పాట్ కూడా వస్తే మీ ఫోన్ పంచగలదు. వైఫై ఆగిపోతే పంచలేదు. ఐఫోన్ మొబైల్ డేటానే పంచుతుంది, వైఫైని పంచదు.

టీవీ స్టిక్కు ఒక్కటే సమస్య అయితే ఈ రెండిటిలో ఏదైనా చాలు. హోటల్ వైఫైలో ఒక డివైజుకి ఇంకొకటి కనిపించకుండా ఆపేసి ఉంటారు, అందుకే ఫోన్ నుంచి టీవీకి వీడియో పంపడం అక్కడ కుదరదు. ఫోన్, స్టిక్కు రెండూ మీ సొంత వైఫైలో ఉంటే ఆ అడ్డు ఉండదు.

గది ఖాళీ చేసేటప్పుడు

ముందు దాచుకున్న లాగౌట్ పేజీ తెరిచి, రూటర్ తరఫున లాగౌట్ అవ్వండి. కోడ్‌కి ఇంకా గడువుండి, మీవాళ్లలో ఎవరైనా సాయంత్రం దాకా అక్కడే ఉంటే వాళ్ల ఫోన్‌కి చోటు దొరుకుతుంది. తర్వాత రూటర్లో దాచిన హోటల్ వైఫై పేరు తీసేయండి, మ్యాక్ క్లోన్ పెట్టి ఉంటే దాన్నీ మామూలుకి మార్చండి. అది అలాగే ఉండిపోతే తర్వాతి ఊళ్లో మీ ఫోన్, రూటర్ ఒకే అడ్రస్‌తో హోటల్ ముందుకి వెళ్లే ప్రమాదం ఉంది. రూటర్ ఛార్జర్ గోడకే ఉండిపోతుంది తరచుగా, అదొకసారి చూసుకోండి.